సున్నా పోతే మిర్చి కళ్లజోడవుతుంది

కిరాణా టోకు దుకాణం బిల్లు ఏదైనా తీసి చూడండి. సరుకు పేరు పక్కన ఒక అంకెల వరుస కనిపిస్తుంది. ఎండు మిర్చికి 09042110, పసుపు కొమ్ములకు 09103020, బియ్యానికి 1006 అని ఉంటుంది. దాన్నే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ అంటారు. నెలాఖరుకు ఆడిటర్ అడిగే ప్రశ్న సాధారణంగా ఒకటే: "సుగంధ ద్రవ్యాలు ఎంత కొన్నారు, పప్పులు ఎంత, ధాన్యం ఎంత? విడివిడిగా ఇవ్వండి." వందల వరుసలున్న జాబితాలో ఒక్కొక్క పేరు చదివి పక్కన రకం రాసుకుంటూ పోతే ఒక పూట గడిచిపోతుంది. పైగా ఒకరు "ఎండు మిర్చి" అని, మరొకరు "మిరపకాయలు" అని, ఇంకొకరు ఇంగ్లీషులో రాసి ఉంటారు. పేరు మనిషిని బట్టి మారుతుంది కానీ కోడ్ మారదు. అందుకే కోడ్ మొదటి రెండంకెలు చూసి రకం తేల్చే పద్ధతి లెక్కలు రాసేవాళ్లకు బాగా పనికొస్తుంది.

దీనికి ఎక్సెల్‌లో కావలసినవి రెండే. కోడ్‌కు ఎడమవైపున్న అక్షరాలను కోసి ఇచ్చే `LEFT` ఒకటి, ఆ రెండంకెలకు అర్థం చెప్పే చిన్న పట్టిక ఇంకొకటి. నేర్చుకోవడానికి పావుగంట చాలు. అయితే ఇందులో ఒక లొసుగు ఉంది. అది మన ప్రాంతపు సరుకుల మీదే ఎక్కువగా పడుతుంది, పడినా ఎక్కడా ఎర్రజెండా ఎగరదు. ఈ వ్యాసం ముఖ్యంగా దాని గురించే.

మొదటి రెండంకెల్లో ఏముంది?

హెచ్‌ఎస్‌ఎన్ మన దేశంలో పుట్టిన పద్ధతి కాదు. బ్రస్సెల్స్ కేంద్రంగా పనిచేసే ప్రపంచ కస్టమ్స్ సంస్థ నిర్వహించే అంతర్జాతీయ వర్గీకరణ ఇది. 1988 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దేశాల మధ్య తిరిగే ప్రతి సరుకుకూ ఇందులో ఆరంకెల గుర్తు ఉంటుంది. మన దేశం దానికి మరో రెండంకెలు చేర్చి ఎనిమిది చేసుకుంది. 2017లో జీఎస్టీ వచ్చాక ఈ కోడ్ ఓడరేవు దాటి ఊళ్లోని దుకాణం బిల్లు దాకా వచ్చేసింది. 2021 ఏప్రిల్ నుంచి ఏడాది టర్నోవరు 5 కోట్ల రూపాయలు దాటిన వ్యాపారులు కనీసం ఆరంకెలు, అంతకు లోపువారు నాలుగంకెలు రాయాలన్న నిబంధన నడుస్తోంది. అందువల్ల ఒకే జాబితాలో నాలుగంకెల కోడ్‌లు, ఆరంకెలవి, ఎనిమిదంకెలవి కలిసి ఉండటం మామూలే.

కోడ్‌ను రెండేసి అంకెల చొప్పున చదవాలి. మొదటి రెండూ అధ్యాయం. 09 అంటే కాఫీ, టీ, సుగంధ ద్రవ్యాలు. తరువాతి రెండూ కలిస్తే శీర్షిక. 0904 అంటే మిరియాలు, మిరపకాయలు. మరో రెండు చేరితే ఉపశీర్షిక. 090421 అంటే దంచని, పొడి చేయని ఎండు మిర్చి. 090422 అంటే దంచినదీ పొడి చేసినదీ. ఎడమ నుంచి కుడికి వెళ్లేకొద్దీ వివరం పెరుగుతుంది. ఎడమవైపు ఎన్ని అంకెలు తీసుకుంటే అంత లోతైన వర్గీకరణ అన్నమాట. `LEFT` ఇక్కడ అతికినట్టు సరిపోవడానికి కారణం కోడ్‌కున్న ఈ కట్టుబాటే. ముందు అక్షరాల్లో అర్థం దాచుకోని కోడ్‌ల మీద, ఉదాహరణకు వరసగా వేసుకుపోయే బిల్లు నంబర్ల మీద, ఈ పద్ధతి పనిచేయదు.

పట్టిక ఎలా వేయాలి?

గుంటూరులో ఒక టోకు కిరాణా వ్యాపారి ఉన్నాడనుకుందాం. ఒక నెల కొనుగోళ్లు పది వరుసలు. A నిలువు వరుసలో సరుకు పేరు, B లో కోడ్, C లో రూపాయలు ఉన్నాయి. ఎండు మిర్చి 4,20,000, పసుపు 1,80,000, కందిపప్పు 2,50,000, జీడిపప్పు 90,000, పాలపొడి 60,000, బియ్యం 3,00,000, పంచదార 1,20,000, ఉప్పు 15,000, సబ్బులు 45,000, లారీ కిరాయి 20,000. మొత్తం 15 లక్షలు. లారీ కిరాయి సరుకు కాదు, సేవ. సేవల కోడ్‌లన్నీ 99తో మొదలవుతాయి కాబట్టి అదీ ఈ పద్ధతిలోనే ఇమిడిపోతుంది.

అదే ఫైలులో ఇంకో షీట్ తెరిచి దానికి `Chap` అని పేరు పెట్టండి. మొదటి వరుసలో శీర్షికలు రాసి, రెండో వరుస నుంచి ఈ వ్యాపారికి అవసరమైన అధ్యాయాలు మాత్రమే రాయండి:

```
04   పాలు, గుడ్లు, తేనె
07   కూరగాయలు, పప్పులు
08   పండ్లు, జీడిపప్పు
09   సుగంధ ద్రవ్యాలు
10   ధాన్యాలు
17   పంచదార, బెల్లం
25   ఉప్పు
34   సబ్బులు
99   సేవలు
```

తొమ్మిది వరుసలే. అయితే టైపు చేసే ముందు A నిలువు వరుస మొత్తాన్ని ఎంచుకుని, దాని ఫార్మాట్‌ను `Text` గా మార్చాలి. ఈ అడుగు దాటేస్తే 04 అని కొట్టగానే ఎక్సెల్ దాన్ని 4గా మార్చేస్తుంది. 10, 17 చూడటానికి బాగానే ఉంటాయి కానీ అవి సంఖ్యలుగా కూర్చుంటాయి. `LEFT` ఎప్పుడూ అక్షరాలనే ఇస్తుంది, సంఖ్యను ఇవ్వదు. అది కోసి ఇచ్చిన 10 అక్షరాల 10. పట్టికలో ఉన్నది సంఖ్య 10. మన కంటికి రెండూ ఒకటే అయినా ఎక్సెల్‌కు కావు. అందుకే వెతికి, దొరకలేదని `#N/A` చూపిస్తుంది. "పట్టికలో కళ్ల ముందే ఉంది, అయినా దొరకలేదంటోంది" అని తలపట్టుకునే చాలామంది విషయంలో జరిగేది ఇదే. సంఖ్యలు మామూలుగా గడిలో కుడి అంచుకు, అక్షరాలు ఎడమ అంచుకు ఒదుగుతాయి. పట్టికలో కోడ్‌లన్నీ ఎడమకు ఒదిగి ఉన్నాయో లేదో చూస్తే విషయం తెలిసిపోతుంది.

ఇక సూత్రం:

```
=VLOOKUP(LEFT(B2,2),Chap!$A$2:$B$10,2,FALSE)
```

B2 లోని కోడ్ నుంచి ఎడమవైపు రెండక్షరాలు తీసి, `Chap` పట్టిక మొదటి నిలువు వరుసలో వెతికి, దొరికిన చోట రెండో నిలువు వరుసలో ఉన్నది ఇవ్వమని దీని అర్థం. డాలరు గుర్తులు ఎందుకంటే, సూత్రాన్ని కిందికి లాగినప్పుడు B2 కాస్తా B3, B4 అవుతూ జరగాలి, పట్టిక మాత్రం కదలకూడదు. చివర ఉన్న `FALSE` సంగతి మళ్లీ చెప్పుకుందాం, దాని అవసరం ముందుంది.

ఇదంతా `IF` లోపల `IF` పెట్టుకుంటూ పోయి కూడా చేయొచ్చు కదా అనిపిస్తుంది. చేయొచ్చు. కానీ వచ్చే నెల వ్యాపారి కొబ్బరినూనె తెప్పిస్తే, ఆ పొడవాటి సూత్రాన్ని విప్పి 15వ అధ్యాయం ఎక్కడ ఇరికించాలో చూసుకోవాలి. పట్టిక ఉంటే కింద ఒక వరుస రాసి, సూత్రంలో `$B$10` ని `$B$11` చేస్తే సరిపోతుంది. సూత్రాలు రాని గుమాస్తా కూడా పట్టిక చదివి "ఇది తప్పు" అని చెప్పగలడు. ఎవరైనా చదవగలగడం దీనికున్న అసలు బలం.

సున్నా ఎక్కడ పోతుంది?

ఇప్పుడు లొసుగు దగ్గరికి వద్దాం. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి జాబితాను సీఎస్‌వీ ఫైలుగా దించుకుంటాం. దాని మీద రెండుసార్లు నొక్కితే ఎక్సెల్‌లో తెరుచుకుంటుంది. తెరిచే క్షణంలోనే ఎక్సెల్ 09042110 ను చూసి, ఇది సంఖ్య, సంఖ్యకు ముందు సున్నాకు విలువ లేదు అనుకుని 9042110 చేసేస్తుంది. చాలా వెర్షన్లలో మనల్ని అడగదు, చేశానని చెప్పదు కూడా. ఇప్పుడు `LEFT` తీసే రెండక్షరాలు 09 కావు, 90.

90 కూడా నిజమైన అధ్యాయమే. అది కళ్లజోళ్లు, కొలత పరికరాలు, వైద్య పరికరాల అధ్యాయం. పసుపు 9103020 అవుతుంది. 91వ అధ్యాయం గడియారాలది. కందిపప్పు కోడ్ 0713 కాస్తా 713 అవుతుంది. 71వ అధ్యాయం ముత్యాలు, రత్నాలు, బంగారానిది. జీడిపప్పు 0801 నుంచి 801కి జారి 80వ అధ్యాయమైన తగరంలో పడుతుంది. పాలపొడి 0402 నుంచి 402 అయి, రబ్బరు అధ్యాయమైన 40లో చేరుతుంది.

ఈ ప్రమాదం 01 నుంచి 09 దాకా ఉన్న తొమ్మిది అధ్యాయాలకే. అవేమిటో చూడండి: పశువులు, మాంసం, చేపలూ రొయ్యలూ, పాలూ గుడ్లూ, ఇతర జంతు ఉత్పత్తులు, మొక్కలూ పువ్వులూ, కూరగాయలూ పప్పులూ, పండ్లూ జీడిపప్పూ, కాఫీ టీ సుగంధ ద్రవ్యాలూ. బట్టలు, మందులు, యంత్రాలు, సిమెంటు అమ్మేవాళ్ల కోడ్‌లు సున్నాతో మొదలవవు కాబట్టి వాళ్లకు ఈ బెడద లేదు. గుంటూరు మిర్చి, నిజామాబాద్ పసుపు, పలాస జీడిపప్పు, మదనపల్లె టమాటా, బంగినపల్లి మామిడి, భీమవరం రొయ్య, అరకు కాఫీ మాత్రం అన్నీ ఆ తొమ్మిది అధ్యాయాల్లోనే ఉన్నాయి. మన నేల మీద పండేవీ, మన చెరువుల్లో పెరిగేవే దీనికి గురవుతాయి.

మన ఉదాహరణలో మిర్చి, పసుపు, కందిపప్పు, జీడిపప్పు, పాలపొడి కలిపి 10 లక్షలు. అంటే 15 లక్షల్లో మూడింట రెండొంతులు తప్పు గదుల్లోకి పోయాయి. అయినా మొత్తం కూడి చూస్తే అదే 15 లక్షలు వస్తుంది. రూపాయి ఎక్కడా పోలేదు, అడ్రసు మాత్రమే మారింది. లెక్కలవాళ్లు అలవాటుగా చేసే పరీక్ష, అంటే ఇటు మొత్తం అటు మొత్తంతో సరిపోయిందా అని చూడటం, ఇక్కడ ఏమీ పట్టుకోలేదు.

చిన్న పట్టికే కాపలా

ఇక్కడ చాలామంది ఒక పని చేస్తారు. పట్టికను తామే వేసుకోవడం ఎందుకని, హెచ్‌ఎస్‌ఎన్ అధ్యాయాలన్నీ ఉన్న పూర్తి జాబితాను ఎక్కడి నుంచో తెచ్చి అతికిస్తారు. 97వ అధ్యాయం దాకా అన్నీ ఉంటాయి. 77వది మాత్రం భవిష్యత్తు కోసమని ఖాళీగా ఉంచారు. పూర్తిగా ఉంటే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ ఆ పూర్తి పట్టికలో 90 ఉంది, 91 ఉంది, 71 ఉంది, 80 ఉంది, 40 ఉంది. కిరాణా వ్యాపారి నెలలో 4,20,000 రూపాయల కళ్లజోళ్లూ పరికరాలూ, రెండున్నర లక్షల బంగారం కొన్నాడని అది నిబ్బరంగా చెబుతుంది. ఒక్క గడిలోనూ తప్పు గుర్తు కనిపించదు.

మన తొమ్మిది వరుసల పట్టికలో 90 లేదు. కాబట్టి మిర్చి దగ్గర `#N/A` వస్తుంది. పసుపు, కందిపప్పు, జీడిపప్పు, పాలపొడి దగ్గరా అంతే. అయిదు వరుసలూ అరిచి చెబుతాయి. తన దుకాణంలోకి వచ్చే సరుకులు మాత్రమే తెలిసిన పట్టిక, రానిదాన్ని చూడగానే గుమ్మంలోనే ఆపేస్తుంది. పట్టిక చిన్నదిగా ఉండాలనేది బద్ధకం వల్ల కాదు, ఈ కాపలా కోసమే.

ఆ కాపలాను మనమే పడగొట్టే దారులు రెండున్నాయి. మొదటిది `FALSE` మరిచిపోవడం. `VLOOKUP` చివర ఏమీ రాయకపోతే, సరిగ్గా అదే దొరక్కపోయినా దానికంటే తక్కువలో దగ్గరిది ఇచ్చెయ్యమని అర్థం. 90కి తక్కువలో మన పట్టికలో దగ్గరిది 34. అంటే మిర్చి సబ్బు అవుతుంది. 91, 71, 80, 40 అన్నిటికీ దగ్గరిది 34 కాబట్టి అయిదూ సబ్బులే. 45,000 ఉండాల్సిన సబ్బుల పద్దు 10,45,000 అయి కూర్చుంటుంది. కొత్త ఎక్సెల్‌లో ఉన్న `XLOOKUP` సరిగ్గా అదే దొరికితేనే ఇస్తుంది, విడిగా చెప్పనక్కర్లేదు. మీ దగ్గర అది ఉంటే అదే వాడుకోవచ్చు.

రెండోది, `#N/A` చూడటానికి బాగోలేదని `IFERROR` తో కప్పేసి ఖాళీ గడి చూపించడం. కప్పితే తప్పు పోదు, కనిపించకుండా పోతుంది. `IFNA` వాడి, ఖాళీకి బదులు "పట్టికలో లేదు" అని రాయించండి. చివర `COUNTIF` తో ఆ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడితే, అది సున్నా అయ్యేదాకా పని పూర్తి కాలేదని తెలుస్తుంది.

అయితే ఈ కాపలా ఒక్కటే సరిపోదు. భీమవరం వైపు రొయ్యల వ్యాపారి జాబితాను ఊహించండి. రొయ్యల కోడ్ 0306. సున్నా పోతే 306, రెండక్షరాలు 30. ముప్పయ్యో అధ్యాయం మందులది. ఆయన చెరువుల కోసం మందులు కూడా కొంటాడు కాబట్టి, ఆయన చిన్న పట్టికలో 30 న్యాయంగానే ఉంటుంది. రొయ్యలు నిశ్శబ్దంగా మందుల్లో కలిసిపోతాయి. పశువుల కోడ్ 0102 అలాగే 102 అయి 10లో, అంటే ధాన్యంలో పడుతుంది. పశువులూ ధాన్యమూ రెండూ కొనే వ్యాపారికి అక్కడా చప్పుడుండదు. అందుకే సున్నా పోయిన సంగతిని కోడ్‌లోనే పట్టుకునే ఇంకో మార్గం కావాలి.

బేసి అంకెలు చెప్పే నిజం

ఆ మార్గం కోడ్ నిర్మాణంలోనే ఉంది. హెచ్‌ఎస్‌ఎన్‌ను రెండేసి అంకెలుగా కట్టారు కదా. అది రెండో, నాలుగో, ఆరో, ఎనిమిదో ఉంటుంది, ఎప్పుడూ సరిసంఖ్యే. మూడు, అయిదు, ఏడంకెల కోడ్ ఉండదు. కాబట్టి ఏడంకెలు కనిపించాయంటే ఒకటి ఎక్కడో పోయిందనే. 00 అనే అధ్యాయం లేదు కనుక ముందు పోయేది ఒకే ఒక్క సున్నా. దాన్ని తిరిగి చేర్చడం తేలిక:

```
=IF(ISODD(LEN(TRIM(B2))),"0"&TRIM(B2),TRIM(B2))
```

`LEN` అక్షరాలు లెక్కపెడుతుంది. `ISODD` అది బేసి సంఖ్యేనా అని చూస్తుంది. బేసి అయితే ముందు సున్నా అతికిస్తుంది, కాకపోతే ఉన్నదున్నట్టు వదిలేస్తుంది. `TRIM` ముందూ వెనకా ఉన్న ఖాళీలను తీసేస్తుంది. లేకపోతే చివర కనిపించని ఖాళీ ఒకటి ఉన్నా లెక్క బేసి అయిపోతుంది. దీన్ని D నిలువు వరుసలో పెట్టి, ఇకమీదట `LEFT` కు B2 బదులు D2 ఇవ్వండి. 9042110 తిరిగి 09042110 అవుతుంది, 713 తిరిగి 0713, 306 తిరిగి 0306. నాలుగంకెల 1006, 1701, 9965 చెక్కుచెదరవు.

ఈ సూత్రానికి మోసపోయే చోటు ఒకటుంది. బియ్యం కోడ్‌ను ఎవరైనా ఆరంకెలు రాయబోయి చివరిది మరిచి 10063 అని కొడితే అదీ బేసే. సూత్రం ముందు సున్నా పెట్టి 010063 చేస్తుంది. అది 01, అంటే పశువులు. కానీ కిరాణా పట్టికలో 01 లేదు కాబట్టి "పట్టికలో లేదు" అని బయటపడుతుంది. ఒక కాపలా తప్పితే రెండోది పట్టుకుంటుంది. రెండూ కలిసే ఉండాలనడానికి కారణం ఇదే.

వెబ్‌పేజీ నుంచి కాపీ చేసిన జాబితాల్లో `TRIM` కు లొంగని ఇంకో రకం ఖాళీ వస్తుంటుంది. ఎనిమిదంకెల కోడ్‌కు `LEN` తొమ్మిది చూపిస్తే అదే అనుమానించాలి. `SUBSTITUTE(B2,CHAR(160),"")` తో అది పోతుంది. కోడ్‌ల మధ్య చుక్కలు పెట్టి రాసినవాళ్లుంటే వాటినీ ఇలాగే ముందు తీసెయ్యాలి.

అసలు సున్నా పోకుండా చూసుకోవడం ఇంకా మేలు. సీఎస్‌వీ మీద నేరుగా నొక్కకుండా, ఎక్సెల్‌లో `Data` కింద `From Text/CSV` ద్వారా తెచ్చుకుని, కోడ్ నిలువు వరుసను `Text` గా ఎంచుకుంటే సున్నా నిలుస్తుంది. ఒకసారి పోయాక మాత్రం ఫార్మాట్‌ను `Text` చేసినా తిరిగి రాదు. కొందరు గడికి `00000000` అనే ఫార్మాట్ పెట్టి సున్నా వచ్చిందని సంతోషిస్తారు. అది తెర మీది బొమ్మ మాత్రమే. గడిలో ఉన్నది ఇంకా 9042110 సంఖ్యే. `LEFT` తెరను చదవదు, గడిలో ఉన్న విలువను చదువుతుంది. 09 కనిపిస్తున్న గడి నుంచే 90 తీసి ఇస్తుంది. పైగా నాలుగంకెల 1006 ఆ ఫార్మాట్‌లో 00001006గా కనిపించి కొత్త గందరగోళం తెస్తుంది.

రెండంకెలు చాలకపోతే

అంతా సరిచేశాక మన పది వరుసలు ఇలా తేలుతాయి. సుగంధ ద్రవ్యాలు 6,00,000, ధాన్యాలు 3,00,000, కూరగాయలు, పప్పులు 2,50,000, పంచదార 1,20,000, జీడిపప్పు 90,000, పాలపొడి 60,000, సబ్బులు 45,000, సేవలు 20,000, ఉప్పు 15,000. ఇప్పుడు వ్యాపారి అంటాడు: "మిర్చీ పసుపూ కలిపి చెబితే నాకేం తెలుస్తుంది? నా వ్యాపారమే ఆ రెండూ. విడిగా కావాలి, మిగతావి ఇలాగే ఉండనీ."

రెండూ 09లోనే ఉన్నాయి. 0904 దాకా వెళ్లినా మిర్చితోపాటు మిరియాలూ వస్తాయి. 0910లో పసుపు పక్కనే అల్లం ఉంది. కాబట్టి ఆరంకెలు కావాలి. పట్టిక కింద మూడు వరుసలు చేర్చండి: 090421 మిర్చి, 090422 మిర్చి, 091030 పసుపు. ఎండు మిర్చీ మిర్చి పొడీ ఒకే పద్దులో కావాలంటే రెండు కోడ్‌లకూ ఒకే పేరు రాస్తే చాలు. పట్టికతో ఉన్న సౌలభ్యమే అది. సూత్రం ముందు ఆరంకెలతో వెతకాలి, దొరక్కపోతే రెండంకెలతో వెతకాలి:

```
=IFNA(VLOOKUP(LEFT(D2,6),Chap!$A$2:$B$13,2,FALSE),
 IFNA(VLOOKUP(LEFT(D2,2),Chap!$A$2:$B$13,2,FALSE),
 "పట్టికలో లేదు"))
```

ఈ వరుస తప్పకూడదు. రెండంకెలతో ముందు వెతికితే 09 వెంటనే దొరుకుతుంది, మిర్చి దాకా వెళ్లే అవకాశమే ఉండదు. పొడవైన గుర్తు ముందు, పొట్టిది తరువాత. ఇప్పుడు మిర్చి 4,20,000, పసుపు 1,80,000 విడిగా వస్తాయి. "సుగంధ ద్రవ్యాలు" అన్న పద్దులో ఆ రెండూ కాక మిగిలిన జీలకర్ర, ధనియాల్లాంటివి చేరతాయి.

చిన్న సరఫరాదారు ఎవరైనా నాలుగంకెలు మాత్రమే వేసి 0904 అని బిల్లు ఇచ్చి ఉంటే? `LEFT` ను ఆరడిగినా ఉన్న నాలుగే ఇస్తుంది, తప్పు చూపించదు. పట్టికలో 0904 లేదు కాబట్టి అది 09కి జారి సుగంధ ద్రవ్యాల్లో నిలుస్తుంది. అది మిర్చో, మిరియాలో ఆ కోడ్ చెప్పదు. ఏ సూత్రమూ చెప్పలేదు. బిల్లు తీసి చూడాల్సిందే.

పన్ను రేటుకు ఇది దారి కాదు

ఈ పద్ధతి బాగా కుదిరాక పట్టికలో మూడో నిలువు వరుస పెట్టి పన్ను శాతం కూడా రాసేద్దామనిపిస్తుంది. అక్కడ ఆగాలి. ప్రాసెస్ చేయని పచ్చి పసుపుకు పన్ను లేదు, ఎండు పసుపుకు 5 శాతం. రెండూ ఒకే 0910 కిందే ఉన్నాయి. బియ్యం విడిగా తూచి అమ్మితే పన్ను లేదు, లేబుల్ వేసి ముందే ప్యాక్ చేసిన 25 కిలోల లోపు సంచికి 5 శాతం. కోడ్ మాత్రం రెండిటికీ 1006. సరుకు ఏ జాతిదో కోడ్ ముందు అంకెలు చెబుతాయి. దాన్ని ఏ స్థితిలో, ఏ ప్యాకింగులో అమ్మారో చెప్పవు. రకాల వారీ మొత్తాలకు ఈ పట్టికను నమ్మండి, రేటుకు మాత్రం బిల్లునే నమ్మండి.

మీ దగ్గర ఇప్పటికే ఇలాంటి ఫైలు నడుస్తుంటే ఈరోజే ఒక పని చేయండి. ఖాళీగా ఉన్న నిలువు వరుసలో `=LEN(B2)` రాసి కిందిదాకా లాగండి. మూడు, అయిదు, ఏడు ఎక్కడైనా కనిపిస్తే గత నెలల రకాల వారీ మొత్తాలను మళ్లీ తీయండి. రిటర్ను దాఖలు చేసేలోగా ఆ సున్నాలను తిరిగి చేర్చండి.